మూత ఉన్న డబ్బాకు అతి తక్కువ రేకు: ఎత్తు, వ్యాసార్ధాల నిష్పత్తిపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్‌లో అవకలజాల అనువర్తనాలు చదివిన ప్రతి ఒక్కరికీ ఈ లెక్క ఎదురయ్యే ఉంటుంది. ఇంత ఘనపరిమాణం పట్టే స్థూపాకారపు డబ్బా కావాలి, పైనా కిందా మూసి ఉండాలి, రేకు మాత్రం వీలైనంత తక్కువ పట్టాలి. జవాబు h = 2r, అంటే ఎత్తు వ్యాసంతో సమానం. జవాబు చాలామందికి గుర్తుంటుంది. అది ఎక్కడి నుంచి వచ్చింది, ఎప్పుడు మారుతుంది, బజారులో దొరికే డబ్బాలు దాన్ని ఎందుకు పాటించవు అన్న దగ్గరే సందేహాలు మొదలవుతాయి. ఆ సందేహాలకే ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

లెక్కలో ఏది మారదు, ఏది మారుతుంది?

ఘనపరిమాణం V మారదు. లీటరు నూనె పట్టాలంటే డబ్బా పొడవుగా ఉన్నా పొట్టిగా ఉన్నా లోపల 1000 ఘన సెంటీమీటర్ల చోటు ఉండాల్సిందే. మారేవి రెండు: వ్యాసార్ధం r, ఎత్తు h. అయితే ఈ రెండూ విడివిడిగా మారవు. r పెంచితే అదే V కోసం h తగ్గించి తీరాలి. కాబట్టి మన చేతిలో నిజంగా ఉన్న చలరాశి ఒక్కటే. లెక్క మొత్తానికీ కీలకం ఇదే. తప్పుల్లో ఎక్కువ భాగం దీన్ని మరచిపోవడం వల్ల జరిగేవే.

రేకు అంటే ఇక్కడ ఉపరితల వైశాల్యం. రేకు మందం అంతటా ఒకటేననీ, అతుకులకు రేకు అదనంగా పట్టదనీ, కోతలో ఏమీ వృథా కాదనీ అనుకుని మొదలుపెడతాం. ఈ మూడు ఊహలనూ తర్వాత ఒక్కొక్కటిగా సడలిద్దాం.

h = 2r ఎలా వస్తుంది?

మూత ఒక బిళ్ల, అడుగు ఒక బిళ్ల. రెండిటి వైశాల్యం 2πr². పక్క రేకును నిలువుగా కోసి పరిస్తే దీర్ఘచతురస్రం వస్తుంది. దాని పొడవు 2πr, వెడల్పు h. మొత్తం కలిపితే:

S = 2πr² + 2πrh

ఇందులో h ని వదిలించుకోవాలి. V = πr²h కనుక h = V/(πr²). దీన్ని పైన ప్రతిక్షేపిస్తే:

S = 2πr² + 2V/r

ఇప్పుడు S కేవలం r మీదే ఆధారపడి ఉంది. అవకలనం చేసి సున్నాకు సమానం చేద్దాం:

dS/dr = 4πr − 2V/r² = 0

దీని నుంచి r³ = V/(2π), అంటే V = 2πr³ వస్తుంది. h సూత్రంలో V బదులు 2πr³ రాస్తే h = 2πr³/(πr²) = 2r.

చివరి అడుగులో చాలామంది r విలువను కాలిక్యులేటర్‌లో కట్టి, దశాంశాలు కుదించి, ఆ అంకెతో h లెక్కిస్తారు. అలా చేస్తే h/r నిష్పత్తి 1.99 అనో 2.01 అనో వచ్చి, 2 అన్న కచ్చితమైన జవాబు కనబడకుండా పోతుంది. V ని 2πr³ గానే ఉంచి ప్రతిక్షేపిస్తే ఘనమూలాలు లేకుండానే నిష్పత్తి తేలిపోతుంది. విలువలు కట్టాల్సి వస్తే ఆ పని చివర్లో పెట్టుకోవాలి.

అది కనిష్ఠమే అని ఎలా చెప్పగలం? గరిష్ఠం కావచ్చు కదా?

రెండో అవకలజం 4π + 4V/r³. r ధనాత్మకం కనుక ఇది ఎప్పుడూ ధనాత్మకమే, కాబట్టి మనకు దొరికింది కనిష్ఠం. ఇంకో విధంగానూ చూడవచ్చు. r సున్నాకు దగ్గరైతే 2V/r హద్దు లేకుండా పెరుగుతుంది: డబ్బా దారంలా సన్నగా సాగి పక్క రేకు విపరీతంగా పడుతుంది. r బాగా పెరిగితే 2πr² హద్దు లేకుండా పెరుగుతుంది: డబ్బా పళ్లెంలా పరుచుకుని బిళ్లలే రేకంతా తినేస్తాయి. రెండు చివర్లలోనూ S పెరుగుతోంది, మధ్యలో అవకలజం సున్నా అయ్యే చోటు ఒక్కటే ఉంది. కనుక ఆ బిందువు దగ్గరి కనిష్ఠం కావడమే కాదు, మొత్తం మీద కనిష్ఠం కూడా అదే. పరీక్షలో రెండో అవకలజం రాస్తే మార్కులు వస్తాయి కానీ, విషయం మనసుకు పట్టేది ఈ రెండో వాదనతోనే.

అవకలనం రాని పిల్లలకు దీన్ని చూపించే మార్గం ఉందా?

ఉంది, అందమైన మార్గమే. అంకమధ్యమం గుణమధ్యమం కంటే ఎప్పుడూ తక్కువ కాదన్న అసమానత చాలు. 2V/r ని రెండు సమాన ముక్కలుగా విడగొట్టి రాయాలి:

S = 2πr² + V/r + V/r

ఈ మూడు పదాల లబ్ధం 2πr² × V/r × V/r = 2πV². ఇందులో r లేదు, అంటే లబ్ధం స్థిరం. లబ్ధం స్థిరమైన మూడు ధన సంఖ్యల మొత్తం ఆ మూడూ సమానమైనప్పుడే అతి తక్కువ. కాబట్టి 2πr² = V/r, అంటే V = 2πr³, అక్కడి నుంచి h = 2r. కనిష్ఠ వైశాల్యం కూడా అదే వరుసలో వచ్చేస్తుంది: S = 3(2πV²)^(1/3). ఇది 6πr² కి సమానం.

2V/r ని విడగొట్టకుండా రెండు పదాలతోనే ఈ అసమానత వాడబోతే లబ్ధం 4πVr అవుతుంది. అందులో r మిగిలిపోతుంది కనుక పని జరగదు. రెండుగా విడగొట్టేది r ని కొట్టివేయడానికే.

ఈ జవాబుకు ఆకారపరంగా అర్థం ఏమైనా ఉందా?

ఎత్తు వ్యాసంతో సమానం కనుక డబ్బాను పక్క నుంచి చూస్తే సరిగ్గా చతురస్రం కనబడుతుంది. రేకు పంపకం కూడా చూడండి. బిళ్లలు రెండిటికీ 2πr², పక్క రేకుకు 2πr × 2r = 4πr². మొత్తం రేకులో మూడో వంతు బిళ్లలకు, మిగతా రెండు వంతులు పక్కకు పోతాయి. ఏ డబ్బా చేతికి దొరికినా ఈ పంపకం చూస్తే అది ఎటు వాలిందో చెప్పవచ్చు: బిళ్లల వాటా మూడో వంతు దాటితే డబ్బా పొట్టిది, తగ్గితే పొడవుది.

ఈ డబ్బాలో అన్ని వైపులా తాకేలా ఒక గోళం సరిగ్గా ఇముడుతుంది. గోళానికీ దాన్ని చుట్టిన స్థూపానికీ ఘనపరిమాణంలోనూ, ఉపరితలంలోనూ నిష్పత్తి 2 : 3 అని ఆర్కిమెడిస్ నిరూపించాడు. తన సమాధి మీద ఆ బొమ్మే ఉండాలని కోరుకున్నాడు. ఆ సమాధిని సిసిలీలో తుప్పల మధ్య తాను గుర్తుపట్టానని రోమన్ వక్త సిసిరో రాశాడు. మన లెక్కకు తేలే డబ్బా ఆ బొమ్మలోని స్థూపమే. అదే ఘనపరిమాణాన్ని గోళంలో పట్టిస్తే రేకు ఇంకా తగ్గుతుంది. మన ఉత్తమ డబ్బాకు ఆ గోళం కంటే సుమారు 14.5 శాతం ఎక్కువ రేకు పడుతుంది. స్థూపాకారం కావాలన్నందుకు మనం చెల్లించే ధర అది.

ఒక లీటరు డబ్బాకు అంకెలు ఎలా ఉంటాయి?

V = 1000 ఘ.సెం.మీ. r³ = 1000/(2π) = 159.15. ఘనమూలం తీస్తే r = 5.42 సెం.మీ., h = 10.84 సెం.మీ., S = 553.6 చ.సెం.మీ. వేరే వ్యాసార్ధాలు తీసుకుంటే ఇలా ఉంటుంది:

| r (సెం.మీ.) | h (సెం.మీ.) | S (చ.సెం.మీ.) | అదనపు రేకు |
|---|---|---|---|
| 4 | 19.89 | 600.5 | 8.5% |
| 5 | 12.73 | 557.1 | 0.6% |
| 5.42 | 10.84 | 553.6 | 0 |
| 6 | 8.84 | 559.5 | 1.1% |
| 7 | 6.50 | 593.6 | 7.2% |

మీరే సరిచూసుకోవాలంటే స్ప్రెడ్‌షీట్‌లో A2 నుంచి కిందికి r విలువలు వేసి, B2 లో ఎత్తు, C2 లో వైశాల్యం పెట్టి కిందికి లాగితే చాలు:

```
B2: =1000/(PI()*A2^2)
C2: =2*PI()*A2^2+2*1000/A2
```

ప్రమాణాలు కలిపేస్తేనే ఇక్కడ చిక్కు. V ని లీటర్లలో 1 అని ఉంచి, r సెంటీమీటర్లలో వచ్చిందనుకుంటే r = 0.54 అని తేలుతుంది. అది నిజానికి డెసిమీటర్లలో ఉన్న జవాబు. లీటరును ముందే 1000 ఘ.సెం.మీ.గా మార్చుకోవాలి.

కొలత అటూ ఇటూ అయితే నష్టం ఎంత?

పై పట్టికలో ఆసక్తికరమైన సంగతి ఇదే. r ని 5.42 నుంచి 5 కు తగ్గిస్తే వ్యాసార్ధం దాదాపు 8 శాతం తగ్గింది, h/r నిష్పత్తి 2 నుంచి 2.55 కు ఎగబాకింది. రేకు మాత్రం 0.6 శాతమే పెరిగింది. కనిష్ఠ బిందువు దగ్గర అవకలజం సున్నా కనుక అక్కడ వక్రం దాదాపు చదునుగా ఉంటుంది. చిన్న మార్పు ప్రభావం ఆ మార్పు వర్గానికి అనుపాతంలో మాత్రమే కనబడుతుంది.

నిష్పత్తిని k = h/r అనుకుంటే, ఉత్తమ డబ్బాతో పోల్చినప్పుడు పట్టే రేకు:

S/S_min = ((1 + k)/3) × (2/k)^(2/3)

k = 1.5 అయితే 1 శాతం, k = 3 అయితే 1.75 శాతం, k = 4 అయితే 5 శాతం అదనం. k = 1 అయితే దాదాపు 6 శాతం. 1.5 నుంచి 3 దాకా ఎక్కడున్నా నష్టం రెండు శాతం లోపే. డబ్బా రూపకర్తకు దొరికే వెసులుబాటు ఇక్కడిదే: చేతిలో ఇమడడం, లేబుల్‌కు చోటు, అట్టపెట్టెలో అమరిక వంటి వాటి కోసం నిష్పత్తిని కొంత జరిపినా రేకు ఖర్చు పెద్దగా కదలదు.

గరిష్ఠ, కనిష్ఠ బిందువుల దగ్గర మార్పు అత్యల్పంగా ఉంటుందన్న ఈ సంగతిని కెప్లర్ 1615లో ద్రాక్షసారా పీపాల కొలతల గురించి ప్రచురించిన గ్రంథంలోనే గుర్తించాడు. న్యూటన్, లైబ్నిజ్‌ల కలనగణితం అప్పటికి పుట్టలేదు.

విద్యార్థులు ఎక్కడ పొరబడతారు?

అన్నిటికన్నా ప్రమాదకరమైన తప్పు ఒకటుంది, ఎందుకంటే అది సరైన జవాబులా కనబడుతుంది. S = 2πr² + 2πrh ని h స్థిరమనుకుని r పరంగా అవకలనం చేస్తారు. 4πr + 2πh = 0 వస్తుంది, అంటే h = −2r. ఎత్తు రుణాత్మకం ఎలా అవుతుందని ఆగి చూడకుండా గుర్తు వదిలేసి h = 2r అని రాసేస్తారు. జవాబు పుస్తకంతో సరిపోయింది కనుక పద్ధతి కూడా సరైనదే అనుకుంటారు. అది యాదృచ్ఛికంగా సరిపోయింది, అంతే. ఇదే పద్ధతిని మూత లేని డబ్బాకు వాడితే 2πr + 2πh = 0 వచ్చి h = −r అవుతుంది. అక్కడా గుర్తు వదిలేస్తే పుస్తకంలోని జవాబే! అందుకే ఈ తప్పు ఏళ్ల తరబడి పట్టుబడకుండా ఉండిపోతుంది. బిళ్లల రేకు రెట్టింపు ఖరీదు అన్న షరతు పెట్టినా గుర్తు తప్ప మిగతాదంతా సరిపోతుంది. కాబట్టి అంకె సరిపోయిందని చూసుకుంటే లాభం లేదు. రుణ గుర్తు వచ్చిందంటే h ని స్థిరంగా పట్టుకున్నారని అర్థం.

h ని తొలగించకుండానే చేయాలనుకుంటే దారి ఉంది, కానీ h కూడా r తో పాటు మారుతుందని ఒప్పుకోవాలి. V స్థిరం కనుక 2πrh + πr²·h′ = 0, అంటే h′ = −2h/r. ఇప్పుడు S′ = 4πr + 2πh + 2πr·h′ = 4πr + 2πh − 4πh = 4πr − 2πh. సున్నా చేస్తే h = 2r, ఈసారి గుర్తు కూడా సరిగ్గా ఉంది. పై తప్పులో రాలిపోయింది −4πh అన్న పదం. r పెరిగినప్పుడు ఎత్తు తగ్గడం వల్ల ఆదా అయ్యే రేకు అదే.

మిగతావి చిన్నవి. ఒక బిళ్లనే లెక్కవేసి πr² అని రాయడం ఒకటి, ప్రశ్నలో వ్యాసం ఇస్తే దాన్నే r అనుకోవడం ఇంకొకటి.

మూత లేని డబ్బాకు?

S = πr² + 2V/r అవుతుంది. r³ = V/π, h = r. బిళ్ల ఒక్కటే కనుక అడుగును వెడల్పు చేసుకున్నా ఖర్చు తక్కువ, అందుకే డబ్బా పొట్టిదవుతుంది.

రేకు ఇంతే ఉంది, ఎక్కువ పట్టే డబ్బా కావాలి అంటే?

అదే జవాబు, h = 2r. h = 2r కాని డబ్బా ఏదైనా అదే రేకుతో గరిష్ఠంగా పట్టిందనుకుందాం. ఆ ఘనపరిమాణాన్నే h = 2r డబ్బాలో పడితే రేకు మిగులుతుంది. మిగిలిన రేకుతో ఆ డబ్బాను అన్ని వైపులా కాస్త పెంచితే ఇంకా ఎక్కువ పడుతుంది. మొదటిది గరిష్ఠమన్న మాట చెల్లదు.

బజారులో డబ్బాలు ఈ కొలతలో ఎందుకు ఉండవు?

కొన్ని చాలా దగ్గరగా ఉంటాయి. చిత్తూరు ప్రాంతం నుంచి ఎగుమతయ్యే తోతాపురి మామిడి గుజ్జు నింపే పెద్ద టిన్ను చూడండి. దాన్ని ఏ10 అంటారు, 3.1 కిలోల గుజ్జు పడుతుంది. డబ్బాల వ్యాపారంలో దాని సంకేతం 603 × 700. మొదటి అంకె అంగుళాలు, తర్వాతి రెండూ అంగుళంలో పదహారో వంతులు. అంటే అంచుల మీదుగా వ్యాసం 6 అంగుళాల 3/16, ఎత్తు 7 అంగుళాలు. మిల్లీమీటర్లలో సుమారు 157, 178. బయటి కొలతల ప్రకారం h/r = 2.26.

2 బదులు 2.26 ఎందుకు? ప్రధాన కారణం అతుకు. మూతను డబ్బా అంచుతో కలిపి రెండు మడతలు వేసి నొక్కుతారు, దాన్నే డబుల్ సీమ్ అంటారు. టిన్ను అంచును గోటితో తడిమితే గట్టుగా తగిలేది అదే. ఆ మడత కోసం బిళ్లను డబ్బా వ్యాసార్ధం కంటే పెద్దదిగా కోయాలి, పక్క రేకును కూడా పైనా కిందా కాస్త పొడిగించాలి. బిళ్ల వ్యాసార్ధం r + a అనీ, పక్క రేకు ఎత్తు h + 2b అనీ అనుకుందాం. అప్పుడు రేకు:

C = 2π(r + a)² + 2πr(h + 2b)

V స్థిరంగా ఉంచి అవకలనం చేస్తే r²(r + a + b) = V/(2π) వస్తుంది. అక్కడి నుంచి:

h = 2(r + a + b), అంటే h/r = 2 + 2(a + b)/r

ఈ ఫలితం నాకు చాలా ఇష్టం. a, b రెండూ ఒకే మొత్తంగా కలిసిపోయాయి. అదనం ఎటువైపున్నా డబ్బాను పొడవు వైపే నెడుతుంది. కారణం సులువే: సీమ్ పొడవు డబ్బా చుట్టుకొలత, r తగ్గితే సీమ్‌కు పోయే రేకూ తగ్గుతుంది.

ఏ10 మీద ప్రయత్నిద్దాం. V ని 3100 ఘ.సెం.మీ. అనీ, a + b ని గుండ్రంగా 1 సెం.మీ. అనీ తీసుకుందాం. సీమ్ లేని లెక్కలో r = 7.90, h = 15.80 వస్తాయి. సీమ్‌తో r²(r + 1) = 493.4. r కి 7.5 వేస్తే ఎడమవైపు 478, 7.6 వేస్తే 497, 7.58 దగ్గర సరిపోతుంది. h = 2 × 8.58 = 17.16, నిష్పత్తి 2.26. అసలు టిన్ను లోపలి వ్యాసం 153 మి.మీ., అంటే r = 7.65. మూత, అడుగు అంచు కంటే కాస్త లోపలికి దిగి ఉంటాయి కనుక లోపలి ఎత్తు 17 సెం.మీ. దరిదాపుల్లో ఉంటుంది. మందం, కోత, రవాణా ఏవీ లెక్కలోకి తీసుకోకుండానే ఇంత దగ్గరికి రావడం గమనించదగ్గది.

సూత్రంలో r హారంలో ఉంది కనుక చిన్న డబ్బాలకు సీమ్ ప్రభావం ఎక్కువ. 300 × 407 అనే మధ్యరకం టిన్ను వ్యాసం 3 అంగుళాలు, ఎత్తు 4 అంగుళాల 7/16, బయటి నిష్పత్తి 2.96. మన సూత్రం 2.5 కు కాస్త పైన చూపుతుంది. దిశ సరిపోయింది, అంకె పూర్తిగా సరిపోలేదు. మిగతా తేడాకు కింది రెండు జవాబుల్లోని కారణాలు తోడవుతాయి. పక్క రేకును నిలువుగా కలిపే అతుకు సంగతి వదిలేయవచ్చు: వెల్డింగ్ చేసిన డబ్బాల్లో అక్కడ ఒకదాని మీద ఒకటి ఎక్కే రేకు మిల్లీమీటరు కూడా ఉండదు.

బిళ్లలు కోసినప్పుడు పోయే ముక్కల సంగతి?

పక్క రేకు దీర్ఘచతురస్రం కనుక అందులో వృథా ఉండదు. బిళ్లలు గుండ్రం కనుక వాటి మధ్య సందులు మిగులుతాయి. బిళ్లలను నిలువు, అడ్డ వరుసల్లో చతురస్రాలుగా కోస్తే ఒక్కో బిళ్లకు πr² బదులు 4r² రేకు ఖర్చవుతుంది. తేనెపట్టు గదుల్లా షడ్భుజాల అమరికలో కోస్తే 2√3·r² చాలు.

ఇలాంటి వాటన్నిటినీ ఒకే అంకెతో పట్టుకోవచ్చు. బిళ్ల రేకు అసలు వైశాల్యానికి p రెట్లు ఖర్చు పెడుతుందనుకుంటే C = 2πp·r² + 2V/r. కనిష్ఠం r³ = V/(2πp) దగ్గర, నిష్పత్తి h/r = 2p. చతురస్ర కోతకు p = 4/π, అంటే h/r = 2.55. షడ్భుజ కోతకు p = 2√3/π, అంటే h/r = 2.21. మిగిలిన ముక్కలను తుక్కుగా అమ్మితే వచ్చే డబ్బు తీసేసి p కట్టాలి. తుక్కు మంచి ధర పలికితే నిష్పత్తి మళ్లీ 2 వైపు జరుగుతుంది. ఈ షడ్భుజ కోత అంకె రేకు షీటు చాలా పెద్దదైతేనే నిజం. చిన్న షీటులో అంచుల వెంబడి సగం సగం గదులు మిగిలి వృథా పెరుగుతుంది.

కూల్‌డ్రింక్ క్యాన్ మరీ అంత పొడవెందుకు?

330 మి.లీ. అల్యూమినియం క్యాన్ వ్యాసం సుమారు 66 మి.మీ., ఎత్తు సుమారు 115 మి.మీ. నిష్పత్తి 3.5 దగ్గర ఉంటుంది. ఇక్కడ ముఖ్య కారణం మందం. క్యాన్ గోడ సుమారు 0.1 మి.మీ. మాత్రమే, మూత దానికి రెట్టింపుకు పైగా మందం. లోపలి గ్యాస్ ఒత్తిడికి గుండ్రటి గోడ సాగే బలంతో తట్టుకుంటుంది, బల్లపరుపు మూత మాత్రం ఉబ్బబోతుంది. అందుకే మూత మందంగా ఉండాలి. అడుగును లోపలికి గుమ్మటంలా వంచేది కూడా ఆ ఉబ్బును ఆపడానికే.

పై సూత్రంలో p కి బిళ్ల మందాన్ని గోడ మందంతో భాగించిన విలువ పెడితే, p = 2 కు h = 4r వస్తుంది. అసలు క్యాన్ అంత దాకా వెళ్లదు, ఎందుకంటే మెడ దగ్గర గోడను లోపలికి నొక్కి మూతను చిన్నది చేస్తారు. 66 మి.మీ. క్యాన్‌కు 54 మి.మీ. దరిదాపు వ్యాసమున్న మూత సరిపోతుంది. మూత వైశాల్యం అలా మూడో వంతు తగ్గడంతో p కూడా తగ్గుతుంది. మందమైన రేకును చిన్నది చేసుకోవడమే ఆ మెడ ప్రయోజనం.

అయితే పొట్టి చేపల డబ్బా?

దానికి రేకు పొదుపు ప్రధానం కాదు. మూసిన డబ్బాను ఆవిరిలో ఉడికించి క్రిములను చంపాలి. గట్టి పదార్థంలో వేడి మెల్లగా లోపలికి పాకుతుంది, మధ్యలో ఉన్న ముక్క కూడా తగినంత వేడెక్కాలి. డబ్బా పలచగా ఉంటే ఆ మధ్యభాగం పైకీ కిందికీ దగ్గరవుతుంది, ఉడికే సమయం తగ్గుతుంది, బయటి అంచు ముక్కలు అతిగా ఉడకవు. ఇలాంటి డబ్బాకు కనిష్ఠం చేయాల్సిన ప్రమేయమే వేరు. అందులో రేకు ఒక పదం మాత్రమే, ఉడికే సమయం ఇంకో పదం.

నా దగ్గరున్న డబ్బాకు ఈ లెక్క ఎలా వేయాలి?

వ్యాసాన్ని సీమ్ మీద కాక, డబ్బా నడుము దగ్గర కొలవండి. నడుము చుట్టూ దారం చుట్టి, దాని పొడవును 2π తో భాగిస్తే r వస్తుంది. ఎత్తును మూత లోపలికి దిగిన చోటు నుంచి అడుగు లోపలికి దిగిన చోటు దాకా లెక్కించండి. బయటి మొత్తం ఎత్తులోంచి రెండు లోతులూ తీసేస్తే సరిపోతుంది. k = h/r కట్టి, పైనున్న S/S_min సూత్రంలో వేస్తే ఆదర్శ డబ్బా కంటే ఎంత శాతం రేకు ఎక్కువ పట్టిందో తెలుస్తుంది. ఒకసారి సరిచూసుకోవాలంటే πr²h విలువ లేబుల్ మీది మి.లీ. కంటే కాస్త ఎక్కువ రావాలి, ఎందుకంటే పైన కొంత ఖాళీ వదులుతారు. తక్కువ వచ్చిందంటే కొలతల్లో పొరపాటు ఉంది. లేబుల్ మీద గ్రాములు మాత్రమే ఉంటే ఈ పోలిక నేరుగా పనికిరాదు. చక్కెర పాకం, గుజ్జు వంటివి నీళ్లకంటే బరువు కనుక వాటికి గ్రాముల కంటే మి.లీ. తక్కువే ఉంటాయి.